తలకు మించిన పని ఉన్నప్పుడు సీఎఫ్ఓకు ఉత్తరం రాయడం ఎలా: అకౌంట్స్ ఉద్యోగికి ఒక నమూనా

అకౌంట్స్‌లో ఒకరు మానేయగానే "కొత్తవాళ్లు వచ్చేదాకా కాస్త చూసుకో" అన్న ఒక్క మాటతో వాళ్ల పని పక్క సీటుకు వచ్చేస్తుంది. రెండు నెలలు గడిచినా కొత్తవాళ్లు రారు. ఈలోగా ఆ పని మీదే అయిపోతుంది. పైవాళ్ల దృష్టిలో అక్కడ సమస్యే లేదు, ఎందుకంటే రిటర్నులు సమయానికి ఫైల్ అవుతున్నాయి, జీతాలు పడుతున్నాయి. అవి రాత్రి తొమ్మిదింటిదాకా కూర్చుంటేనే అవుతున్నాయన్నది వాళ్లకు కనిపించదు. కనిపించాలంటే రాయాలి.

ఇక్కడ తీసుకున్న ఉదాహరణ ఒక మధ్యస్థాయి తయారీ కంపెనీ. రాసేది సీనియర్ అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్, చదివేది సీఎఫ్ఓ, మధ్యలో ఒక అకౌంట్స్ మేనేజర్. అంకెలు ఉదాహరణకు కట్టినవే కాబట్టి మీ అంకెలు వేరుగా ఉంటాయి, లెక్కగట్టే పద్ధతి మాత్రం మారదు. ఆఫీసులో మెయిల్ ఇంగ్లీషులోనే పంపుతారేమో. అయినా ముందు తెలుగులో రాసి చూసుకోండి, ఏం అడుగుతున్నారో మీకే తేటగా తెలుస్తుంది.

1. ముందు ఒక నెల గంటలు రాసుకోండి

రెండు వారాల లెక్క చాలదు. అకౌంట్స్ పని నెలంతా ఒకే తీరుగా ఉండదు. 20వ తేదీ దాకా ఊపిరాడదు, ఆ తర్వాత కాస్త వెసులుబాటు ఉంటుంది. ఏ రెండు వారాలు తీసుకున్నా అటో ఇటో తప్పు చూపిస్తాయి. 21వ తేదీన మొదలుపెట్టి వచ్చే నెల 20 దాకా రాస్తే ఒక చక్రం పూర్తవుతుంది, త్రీబీ ఫైల్ చేసిన రోజుకు లెక్క చేతికొస్తుంది.

ఎక్సెల్‌లో నాలుగు గళ్లు చాలు: తేదీ, పని, పట్టిన సమయం, ఎవరు అడిగారు. సమయాన్ని పావుగంటల్లో రాయండి. నిమిషాల్లో రాయబోతే మూడో రోజుకే విసుగొచ్చి మానేస్తారు. సాయంత్రం గుర్తు తెచ్చుకుని రాయడం కూడా పనికిరాదు, ఎందుకంటే చిన్నచిన్న పనులన్నీ మరిచిపోతాం. వెండర్ల ఫోన్లు, "ఆ ఒక్క లెడ్జర్ పంపండి" అనే అభ్యర్థనలు కలిపితేనే రోజుకు గంట దాటుతుంది. నాలుగో గడి ఎందుకంటే, తర్వాత ఏ పని ఎవరితో మాట్లాడి మార్చాలో అదే చెబుతుంది.

పదేపదే చేసే పనికి ఒక్కొక్కదాని సమయం తీసి, సంఖ్యతో హెచ్చించండి. బిల్లుల బుకింగే చూడండి. ఫోన్‌లో గడియారం పెట్టుకుని వరసగా 20 బిల్లులు ఎక్కించి సగటు తీస్తే ఒక్కోదానికి 8 నిమిషాలు వచ్చిందనుకోండి. నెలకు ఎన్ని బిల్లులో టాలీలో స్టాటిస్టిక్స్ రిపోర్టు తెరిస్తే వోచర్ల రకాల వారీగా కనిపిస్తుంది. 420 బిల్లులు, 8 నిమిషాల చొప్పున, 56 గంటలు. ఈ అంకెను ఎవరైనా సరిచూసుకోవచ్చు. దాని బలమంతా అక్కడే ఉంది.

గంటలు పెంచి రాయొద్దు. సీఎఫ్ఓ సాధారణంగా చార్టర్డ్ అకౌంటెంటే. మూడు బ్యాంకు ఖాతాల రీకాన్సిలియేషన్‌కు ఎంతసేపు పడుతుందో ఆయనకు తెలుసు. 18 గంటల పనిని 30 అని రాస్తే ఆ ఒక్క వరుస దగ్గరే నమ్మకం పోతుంది, మిగతా నిజాలు కూడా దాంతోపాటే కొట్టుకుపోతాయి. అనుమానమున్న చోట తక్కువ వైపే రాయండి.

మన ఉదాహరణలో నెల లెక్క ఇలా తేలింది:

- జీఎస్టీ మొత్తం (జీఎస్టీఆర్-1, టూబీతో సరిచూడటం, త్రీబీ): 48 గంటలు
- టీడీఎస్ 12, పీఎఫ్, ఈఎస్ఐ, వృత్తి పన్ను చలానాలు 8
- వెండర్ బిల్లుల బుకింగ్ 56, చెల్లింపులు 24
- బ్యాంకు రీకాన్సిలియేషన్ 18
- మానేసిన సహోద్యోగి నుంచి వచ్చినవి: కస్టమర్ల బాకీల వసూలు 28, ఎంఐఎస్ రిపోర్టులు 32, ఆడిటర్ల ప్రశ్నలు 20

మొత్తం 246 గంటలు. నెలకు 24 పనిదినాలు, రోజుకు 8 గంటలు అంటే ఉన్నవి 192. లోటు 54 గంటలు, అంటే రోజుకు సగటున రెండుంపావు గంటలు.

2. చట్టం పెట్టిన తేదీలు, ఆఫీసు పెట్టుకున్న తేదీలు

పనుల జాబితా పట్టుకుని ప్రతిదాని పక్కనా "ఈ తేదీ ఎవరు పెట్టారు?" అని రాయండి. ఈ మెట్టు తప్పితే ఉత్తరం "పని ఎక్కువగా ఉంది" అన్న గోడు దగ్గరే ఆగిపోతుంది.

కదలని తేదీలు మీకు తెలిసినవే. గత నెల టీడీఎస్ 7వ తేదీలోగా కట్టాలి (మార్చిది మాత్రం ఏప్రిల్ 30). తెలంగాణలో వృత్తి పన్ను 10, నెలనెలా ఫైల్ చేసేవాళ్లకు జీఎస్టీఆర్-1 గడువు 11, పీఎఫ్, ఈఎస్ఐలకు 15, త్రీబీకి 20. మూడు నెలలకోసారి రిటర్ను వేసే చిన్న సంస్థలకు జీఎస్టీ తేదీలు వేరు. తప్పితే ఏమవుతుందో కూడా ఒక మాటలో రాసిపెట్టుకోండి. త్రీబీ ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల రుసుము, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. కోత కోసిన టీడీఎస్ ఆలస్యంగా కడితే నెలకు ఒకటిన్నర శాతం, నెలలో ఒక్క రోజు దాటినా పూర్తి నెల లెక్కే. జీఎస్టీఆర్-1 తప్పితే రుసుము కన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది. మన ఇన్‌వాయిస్‌లు 14న వచ్చే కస్టమర్ల టూబీలో కనిపించవు, వాళ్లు జీఎస్టీ మొత్తాన్ని ఆపి మిగతాది మాత్రమే చెల్లిస్తారు.

ఆఫీసు తేదీలు వేరు. ప్రతి సోమవారం ఎంఐఎస్, మంగళ, శుక్రవారాల్లో వెండర్ చెల్లింపులు, ఆడిటర్లకు మూడు రోజుల్లో జవాబు. వీటిని ఎప్పుడో ఒకరు పెట్టారు, మార్చగలిగేవారూ ఉన్నారు. చాలాసార్లు ఆ మనిషి సీఎఫ్ఓనే. అందుకే ఉత్తరం ఆయనకు వెళుతోంది.

ఈ రెంటికీ మధ్య, పైకి ఆఫీసు తేదీలా కనిపిస్తూ అడుగున చట్టమున్నవి కొన్ని ఉంటాయి. అనుభవమున్నవాళ్లు కూడా ఇక్కడే జారుతారు. "వెండర్ చెల్లింపులు నెలకోసారి చేద్దాం" అని ఉత్తరంలో రాశారనుకోండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీ. పైగా ఆ ఖర్చును ఆదాయపు పన్ను లెక్కలో చెల్లించిన సంవత్సరంలోనే చూపాలి. నెలకోసారి అన్న సూచనను సీఎఫ్ఓ చూడగానే కొట్టేస్తారు, దాంతో ఉత్తరం మొత్తం తేలిపోతుంది. పదేసి రోజులకు ఒకసారి అంటే ఆ ఇబ్బంది దాదాపు లేదు. రుణం ఇచ్చిన బ్యాంకుకు నెలనెలా పంపే స్టాకు స్టేట్‌మెంటు కూడా ఇలాంటిదే, దాని తేదీ శాంక్షన్ లెటర్‌లో ఉంటుంది. ఏ పనినైనా వెనక్కి జరపమనే ముందు దాని అడుగున ఏముందో చూసుకోండి.

3. లోటు ఎక్కడుందో 20వ తేదీ దగ్గర విడదీయండి

నెల మొత్తం మీద 54 గంటల లోటు అన్నది నిజమే కానీ సగం నిజం. పనులను అవి పడే తేదీల ప్రకారం రెండు కుప్పలు చేసి చూస్తే, ఒకటి నుంచి 20 దాకా 195 గంటల పని, 16 పనిదినాలు, అంటే 128 గంటలు. అక్కడ లోటు 67. 21 నుంచి నెలాఖరు దాకా 51 గంటల పని, 8 రోజులు, అంటే 64 గంటలు. అక్కడ 13 గంటలు మిగులు.

ఆ మిగులును దాచొద్దు. దాస్తే ఎవరో ఒకరు "25న నాలుగింటికి ఖాళీగానే కనిపించావుగా" అంటారు. మీరే ముందుగా చెబితే ఆ 13 గంటలు మీ పక్షాన సాక్ష్యం చెబుతాయి. కొంత పనిని 20 తర్వాతకు జరుపుకునే బాధ్యత మీరే తీసుకుంటున్నారని, మిగిలినదానికే పైవారి నిర్ణయం కోరుతున్నారని తెలుస్తుంది.

ఏవి జరపొచ్చు? ఆడిటర్ల ప్రశ్నల్లో మొదటి 20 రోజుల్లో పడే 14 గంటలు. ఆ తర్వాత, ఈ నెల తేదీతో వచ్చే బిల్లుల్లో కొన్ని. 14న వచ్చే టూబీతో సరిచూసేది గత నెల బిల్లులను. కాబట్టి గత నెలవి 14లోగా ఎక్కి ఉండాలి, కానీ ఈ నెల 8న వచ్చిన, 30 రోజుల క్రెడిట్ ఉన్న బిల్లు 22న ఎక్కినా నష్టం లేదు. అలా మరో 17 గంటలు. వచ్చిన బిల్లును వచ్చినట్టే ఎక్కించడం మంచి అలవాటే కానీ, మనిషి తక్కువైనప్పుడు ఆ అలవాటే 2బీకి పెట్టాల్సిన సమయాన్ని తినేస్తుంది.

మొత్తం 31 గంటలు. ఉన్న మిగులు 13 మాత్రమే కదా అంటారేమో. కింద చెప్పే మార్పులు జరిగితే 20 తర్వాత కూడా మరో 18 గంటలు ఖాళీ అవుతాయి, అప్పుడు సరిపోతుంది. అంటే జరపడం మీ చేతుల్లో ఉన్నా, తగ్గించడం పైవారి చేతుల్లో ఉంది. రెండూ కలిస్తేనే లెక్క తేలుతుంది.

4. 54 గంటలకు మీరే ఒక ప్రతిపాదన తయారుచేయండి

"మనిషిని ఇవ్వండి" అని మాత్రమే అడిగితే జవాబు హెచ్ఆర్‌కు వెళ్లి అక్కడే ఉండిపోతుంది. మనిషిని తీసుకున్నా వచ్చి, నేర్చుకుని, పని అందుకునేసరికి మూడు నెలలు. ఆ మూడు నెలలు ఎలా అన్నదే ప్రశ్న. ఒక్కో పనికీ "ఆపడం, తగ్గించడం, వేరేవారికి ఇవ్వడం" అనే మూడు దారులను సరిచూస్తే మన ఉదాహరణలో నాలుగు మార్పులు దొరికాయి.

వారం వారం ఎంఐఎస్ ఒక్కోదానికి 5 గంటలు. నెలకు నాలుగింటి బదులు రెండు ఇస్తే 10 గంటలు మిగులుతాయి. 5వ తేదీ నెలవారీ రిపోర్టు అలాగే ఉంటుంది.

బిల్లుల్లో 240 పర్చేజ్ ఆర్డర్ మీద వచ్చే ముడిసరుకు బిల్లులు. స్టోర్స్‌లో సరుకు దిగగానే జీఆర్ఎన్ ఎలాగూ వేస్తారు, అప్పుడే బిల్లు వివరాలు కూడా ఎక్కిస్తే మన వైపు సరిచూసి పాస్ చేయడానికి 3 నిమిషాలు చాలు. బిల్లుకు 5 నిమిషాల చొప్పున 20 గంటలు తగ్గుతాయి. ఇక్కడొక జాగ్రత్త. సరుకు తీసుకున్నవారే బిల్లు పాస్ చేయకూడదు, ఆడిటర్లు పట్టుకునే మొదటి లోపం అదే. అందుకని స్టోర్స్ ఎంట్రీ డ్రాఫ్టుగానే ఉంటుంది, పాస్ చేసేది అకౌంట్స్ అని ఉత్తరంలోనే రాయాలి.

బాకీల వసూలులో 28 గంటలకు గాను 16 గంటలు ఫోన్లకే పోతున్నాయి. కస్టమర్‌తో సంబంధం ఉన్నది సేల్స్‌వాళ్లకు. ఏజింగ్ స్టేట్‌మెంటు మనం ఇచ్చి, ఫోన్లు వాళ్లు చేస్తే 16 తగ్గుతాయి.

చెల్లింపులు వారానికి రెండుసార్లు కాకుండా 10, 20, 30 తేదీల్లో చేస్తే 24 గంటలు 16కు దిగుతాయి. పేమెంట్ తేదీ ఖాయమైతే వెండర్ల ఫోన్లు కూడా తగ్గుతాయి, ఆ లాభాన్ని ఇక్కడ కలపలేదు.

10, 20, 16, 8. మొత్తం 54. మీ లెక్క ఇంత సరిగ్గా కుదరకపోవచ్చు. లోటు 54 ఉండి మార్పులతో 45 మాత్రమే తగ్గితే, ఆ 9 గంటలను బలవంతంగా ఎక్కడో ఇరికించకుండా మిగిలినట్టే చూపండి.

5. మేనేజర్‌కు ముందు చెప్పండి

ఉత్తరం సీఎఫ్ఓకే అయినా మేనేజర్ అది మొదట మెయిల్‌లో చూడకూడదు. ఒక పేజీ లెక్క ప్రింటు తీసుకుని వెళ్లి, "సార్, లెక్క ఇలా తేలింది. సేల్స్, స్టోర్స్ కూడా ఉన్నాయి కాబట్టి సీఎఫ్ఓ సార్ నిర్ణయం కావాలి. మీరు పంపుతారా, మీకు కాపీ పెట్టి నన్ను పంపమంటారా?" అని అడగండి. ఇలా అడిగితే పై అధికారికి ఎందుకు వెళుతోందో కారణం కూడా అందులోనే ఉంటుంది. వేరే విభాగాలకు పని చెప్పే అధికారం మేనేజర్‌కు లేదు. అది ఆయన తప్పు కాదని ఆయనకూ అర్థమవుతుంది.

"ఇప్పుడొద్దు, చూద్దాం" అంటే ఒక తేదీ అడగండి. ఆ తేదీ దాటితే "మనం 21న మాట్లాడుకున్న విషయం" అని ఆయనకు ఒక చిన్న మెయిల్ రాసి, మరో రెండు రోజులు ఆగి, ఆయనకు కాపీ పెట్టి పంపొచ్చు. చాటుగా మాత్రం పంపొద్దు. సీఎఫ్ఓ చేసే మొదటి పని ఆ మెయిల్‌ను మేనేజర్‌కు ఫార్వర్డ్ చేయడమే.

పంపే రోజు 22 నుంచి 26 మధ్య ఉండాలి. త్రీబీ అయిపోయి ఉంటుంది, నెలాఖరు ఇంకా మొదలవదు. 19వ తేదీ రాత్రి పదింటికి కోపంలో పంపిన మెయిల్‌ను ఎవరూ లెక్కలు చూసే మనసుతో చదవరు.

6. ఉత్తరం

> విషయం: అకౌంట్స్ పనుల ప్రాధాన్య క్రమం, ఆగస్టు 28లోగా మీ నిర్ణయం కోసం
>
> సార్,
>
> నమస్కారం. జూన్ నెలాఖరు నుంచి బాకీల వసూలు, ఎంఐఎస్, ఆడిటర్ల ప్రశ్నలు నా పనికి తోడయ్యాయి. జులై 21 నుంచి ఆగస్టు 20 వరకు రాసుకున్న లెక్క ప్రకారం నా దగ్గరున్న పనికి నెలకు 246 గంటలు పడుతోంది. ఉన్నవి 192. నాలుగు పనుల్లో మార్పుకు మీ అనుమతి కోరుతున్నాను.
>
> ఈ లోటు నెలంతా లేదు. 1 నుంచి 20 వరకు 67 గంటలు తక్కువ, ఆ తర్వాత 13 గంటలు మిగులు. పన్నుల గడువులన్నీ మొదటి భాగంలోనే ఉన్నాయి. ఈ నెల త్రీబీ 20న రాత్రి 9 దాటాక ఫైల్ అయింది. టూబీతో సరిచూడటం పూర్తికాక 31 బిల్లుల మీద రూ. 1,84,000 ఐటీసీ తీసుకోలేకపోయాం. అంత మొత్తం నగదుగా కట్టాం. అది వచ్చే నెల తీసుకుంటాను.
>
> సెప్టెంబరు 1 నుంచి నవంబరు 30 వరకు ఈ మార్పులు కోరుతున్నాను:
>
> 1. వారం ఎంఐఎస్ పదిహేను రోజులకు ఒకసారి (10 గంటలు). 5వ తేదీ నెలవారీ రిపోర్టులో మార్పు లేదు.
> 2. పర్చేజ్ ఆర్డర్ ఉన్న 240 బిల్లుల డ్రాఫ్టు ఎంట్రీ స్టోర్స్‌లో (20 గంటలు). సరిచూసి పాస్ చేసేది అకౌంట్సే.
> 3. కస్టమర్లకు ఫోన్లు సేల్స్ నుంచి (16 గంటలు). ప్రతి సోమవారం ఏజింగ్ నేను ఇస్తాను.
> 4. వెండర్ చెల్లింపులు 10, 20, 30 తేదీల్లో (8 గంటలు). ఉద్యమ్ ఉన్న చిన్న సంస్థల గడువులు దాటకుండా విడిగా జాబితా పెట్టుకుంటాను.
>
> ఆడిటర్ల ప్రశ్నలను, క్రెడిట్ గడువున్న ఈ నెల బిల్లులను 20 తర్వాతకు నేనే జరుపుకుంటాను. టీడీఎస్, జీఎస్టీ, పీఎఫ్, ఈఎస్ఐ తేదీల్లో ఏ మార్పూ అడగడం లేదు. అక్టోబరులో టీడీఎస్ త్రైమాసిక రిటర్నుకు నెలాఖరులోగా మరో 14 గంటలు కావాలి. అది ఈ లెక్కలో లేదు.
>
> వీటిలో ఏదైనా కుదరకపోతే, దాని బదులు ఏ పని ఆలస్యమైనా ఫరవాలేదో మీరు చెప్పగలరని మనవి. ఆ నిర్ణయం నా స్థాయిలో తీసుకోవడం సరికాదు.
>
> ఒక పేజీ లెక్క జతచేశాను. మేనేజర్ గారితో ఈ నెల 21న మాట్లాడాను, వారికి కాపీ పెట్టాను. అవసరమైతే పావుగంట వచ్చి వివరిస్తాను.
>
> ఇట్లు,
> (పేరు, హోదా)

దీని పొడవు ఇంతే ఉండాలి. రోజువారీ లాగ్ జతచేయొద్దు, అడిగితే చూపించండి. జతచేసేది ఒక్క పేజీ: పని, గంటలు, ఎవరు పెట్టిన తేదీ, మార్చాక గంటలు.

ఇందులో బరువు మోసే వాక్యం ఐటీసీదే. ఉద్యోగి అలసిపోయాడన్నది మేనేజ్‌మెంటుకు ఒక అభిప్రాయం, లక్షా ఎనభై నాలుగు వేలు ముందుగా నగదు కట్టడం ఒక లెక్క. మీ దగ్గర అలాంటిది ఏదో ఒకటి ఉంటుంది: ఆలస్య రుసుము చలానా, వదులుకున్న క్యాష్ డిస్కౌంటు, రెండుసార్లు చెల్లించిన బిల్లు. ఒక్కటి చాలు. నాలుగు రాస్తే మీ పనితీరు మీద మీరే ఫిర్యాదు రాసుకున్నట్టు ఉంటుంది. ఆ తప్పును ఎలా సరిదిద్దుతున్నారో కూడా పక్కనే ఉండాలి.

"ఏ పని ఆలస్యమైనా ఫరవాలేదో మీరు చెప్పగలరని" అన్నది చాలామంది రాయడానికి జంకుతారు. అది ఎదురుచెప్పడం కాదు. ఆ వాక్యం లేకపోతే "అన్నీ చేయండి" అన్న జవాబుకు దారి తెరిచే ఉంటుంది.

కొన్ని మాటలు ఉత్తరంలో లేకుండా చూసుకోండి. "నేనొక్కడినే అంతా చేస్తున్నాను" అంటే పక్కసీటువాళ్లు శత్రువులవుతారు, పైగా వాళ్ల సహకారమే రేపు కావాలి. మానేసిన మనిషి పేరు, సేల్స్‌వాళ్లు ఫోన్లు ఎందుకు చేయడం లేదన్న వ్యాఖ్య వద్దు. జీతం పెంపును ఈ ఉత్తరంలో కలపొద్దు. కలిపితే 54 గంటలన్నీ బేరంలా కనిపిస్తాయి, రెండూ పోతాయి. రాజీనామా మాట నిజంగా ఇచ్చే రోజుకే ఉంచుకోండి. ఆరోగ్య సమస్య ఉంటే దాన్ని హెచ్ఆర్‌తో విడిగా మాట్లాడాలి, నలుగురు ఫార్వర్డ్ చేసుకునే మెయిల్‌లో కాదు. అలాగే కంపెనీ లెడ్జర్లను, కస్టమర్ల బాకీల షీట్లను సొంత మెయిల్‌కు పంపుకోకండి. గంటల లెక్కకు అవేవీ అక్కర్లేదు.

7. పంపాక

జవాబు నాలుగు రకాలుగా రావొచ్చు.

"సరే" అని నోటిమాటగా వస్తే, అదే రోజు రెండు వరుసల మెయిల్ రాయండి: "ఈ రోజు మాట్లాడుకున్న ప్రకారం 1, 2, 4 మార్పులు సెప్టెంబరు 1 నుంచి అమలు చేస్తున్నాం." స్టోర్స్‌కు, సేల్స్‌కు ఆ విషయం సీఎఫ్ఓ ఆఫీసు నుంచో మేనేజర్ నుంచో వెళ్లాలి. మీరు వెళ్లి చెబితే "మాకెవరూ చెప్పలేదే" అంటారు, ఆ మాటలో తప్పు కూడా లేదు.

కొన్నింటికే ఒప్పుకుంటే మిగిలిన గంటలు చెప్పండి. బిల్లులు, ఫోన్లు మాత్రమే ఒప్పుకుంటే 36 తగ్గి 18 మిగులుతాయి. "ఈ 18 గంటలకు ఎంఐఎస్‌ను కుదించమంటారా, ఆడిటర్లకు గడువు పెంచమంటారా?" అని రెండు దారులు ఇచ్చి అడగండి. మళ్లీ ఉత్తరమంతా రాయనక్కర్లేదు.

"కొన్నాళ్లు ఎక్స్‌ట్రా కూర్చోండి" అంటే ఎన్నాళ్లో, బదులు సెలవు ఉంటుందో లేదో అడిగి అది కూడా మెయిల్‌లో పెట్టండి. రెండు నెలల క్లోజింగ్‌లకైతే చాలామంది ఒప్పుకోగలరు. తేదీ లేని "కొన్నాళ్లు" మళ్లీ మొదటికొస్తుంది.

అసలు జవాబే రాకపోతే మూడు పనిదినాలు ఆగి, అదే మెయిల్ మీద ఒక్క వరుస: "సార్, 1వ తేదీ నుంచి కొత్త చక్రం మొదలవుతుంది, మీ నిర్ణయం తెలిస్తే స్టోర్స్‌కు ముందే చెప్పగలం." దానికీ జవాబు లేకపోతే మేనేజర్ ద్వారా పావుగంట సమయం అడిగి, ఆ ఒక పేజీతో వెళ్లండి. మాట్లాడేటప్పుడు మొదటి వాక్యం 246, 192 అంకెలే కావాలి. ఎలా ఉన్నావని అడిగినచోట నీళ్లు నమిలి "మేనేజ్ చేస్తున్నాను సార్" అన్నారంటే నెల లెక్క వృథా.

మార్పులు మొదలయ్యాక మొదటి నెల గంటలు మళ్లీ రాయండి. స్టోర్స్ డ్రాఫ్టుల్లో పదింటికి ఒకటి కన్నా ఎక్కువ తప్పులు వస్తుంటే, సాధారణంగా హెచ్ఎస్ఎన్ కోడు, బిల్లు తేదీ, జీఎస్టీ నంబరు దగ్గర, సరిచేసేసరికి 3 నిమిషాలు 6 అవుతాయి. అప్పుడు ఆదా 20 గంటలు కాదు, 8 గంటలే. స్టోర్స్ క్లర్కు పక్కన ఒక పూట కూర్చుని 20 బిల్లులు కలిసి ఎక్కించండి. అయినా తగ్గకపోతే ఆ కొత్త అంకెను అదే మెయిల్ వరుసలో సీఎఫ్ఓకు పంపి, మిగిలిన 12 గంటలకు మళ్లీ నిర్ణయం అడగండి.